ఫీల్ కావాలి, ఎన్ని డిగ్రీలు?

సినిమా సెట్టులో అందరూ వాడే, ఎవరికీ అర్థం కాని మాట 'ఫీల్'. భాషోద్ధారకులు ఇంతకాలం దీనిని పట్టించుకోకపోవడం విచారకరం. ఒక చిన్న సినిమాకు సహాయ దర్శకుడిగా నోటుపుస్తకం మోసిన అర్హతతో, ప్రజాహితం కోరి, జరిగినది మనవి చేసుకుంటున్నాను.

ఆ సాయంత్రం గుడి ముందు కోలాటం తీయాలి. దర్శకుడి ఆదేశం నా పుస్తకంలో యథాతథంగా ఉంది: "క్రిస్ప్‌గా ఉండాలి, డ్రీమీగా ఉండాలి, స్మూత్‌గా ఉండాలి." ఒకే దోసె కరకరలాడుతూ, మెత్తగా, జారుడుగా ఉండాలన్నమాట. ఛాయాగ్రాహకుడు తల ఊపాడు. ఆ వృత్తిలో మొదటి పాఠం అదే.

నిజానికి అతడు ముందుగా తిప్పగలిగేది ఒక్క అంకెను: ఫ్రేముకు షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పే షట్టర్ కోణం. సెకనుకు 24 ఫ్రేములు తీస్తున్నప్పుడు 180 డిగ్రీలు పెడితే, ప్రతి ఫ్రేము తన వంతు సమయంలో సగం సేపు, అంటే సెకనులో 48వ వంతు కళ్లు తెరుస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, ట్యూబులైట్లు మిణుకుమనకుండా దానిని 172.8 డిగ్రీలకు, అంటే సరిగ్గా 50వ వంతుకు సర్దుతారు. కోలాటం కర్ర కొస తెరను అర సెకనులో దాటుతుందనుకుందాం. కళ్లు తెరిచిన ఆ కాస్త సేపట్లో అది తెర వెడల్పులో 25వ వంతు కదులుతుంది. ఫ్రేములో అంత పొడవు చార పడుతుంది.

మొదట 'క్రిస్ప్'. కోణం 45 డిగ్రీలకు దిగింది. చార తెర వెడల్పులో దాదాపు వందో వంతుకు కుదించుకుపోయింది. ఫ్రేము ఆపి చూస్తే కర్ర మీది రంగు చుట్లు లెక్కపెట్టవచ్చు. ఆడించి చూస్తే మాత్రం కర్ర కదలడం లేదు, గెంతుతోంది. ఎనిమిది వంతుల సమయంలో ఏడు వంతులు షట్టర్ మూసే ఉంటుంది కదా, ఆ మధ్య ప్రయాణం ఎక్కడా నమోదు కాలేదు. పైగా వెలుతురు నాలుగో వంతుకు పడిపోయింది, గుడి ట్యూబులైటు కొట్టుకోసాగింది. 1998లో వచ్చిన 'సేవింగ్ ప్రైవేట్ రయాన్'లో ఒమాహా తీరం యుద్ధాన్ని 45, 90 డిగ్రీలతో తీశారు. ఎగిరే మట్టి పెళ్లలు విడివిడిగా కనిపించి చూసేవారి గుండె అదరడం అక్కడ అవసరం. మా కోలాటం అమ్మమ్మలు ఏ దేశం మీదా దండెత్తలేదు.

"టకటకమంటోంది, డ్రీమీ కావాలి," అన్నాడు దర్శకుడు. షట్టర్‌ను 360 డిగ్రీలకు పూర్తిగా తెరిచినా ఫ్రేముకు దక్కేది సెకనులో 24వ వంతే. అంతకు మించి సాగదీయాలంటే సెకనుకు ఆరు ఫ్రేములే తీసి, ఒక్కోదానిని నాలుగుసార్లు చూపించాలి. తీశాం. చార తెరలో మూడో వంతుకు పెరిగింది. గుడి గోపురం చెక్కుచెదరలేదు, కోలాటం బృందం మాత్రం ఆవిరైపోయింది. నిర్మాత కంగారుగా వచ్చి, "ఫోకస్ పోయింది, ఎవరూ చూసుకోలేదా?" అన్నారు.

ఇక్కడే మన నిఘంటువు కొంప ముంచింది. ఫోకస్ తప్పినా, కెమెరా ఊగినా, కర్ర సాగినా అన్నిటికీ మనకున్నది ఒకే మాట, 'మసక'. తేడా కనిపెట్టడం మాత్రం తేలిక. నిలకడగా ఉన్న గోపురం స్పష్టంగా ఉండి, కదిలిన చేయి మాత్రమే అలికినట్లుంటే అది షట్టర్ పని. గోపురం కూడా ఒక దిశలో సాగితే కెమెరా ఊగినట్లు. ఏ దిశా లేకుండా అంచులు కరిగిపోతే అప్పుడు ఫోకస్ తప్పినట్లు. ఇల్లు అలికిన జాతికి 'అలికినట్లు' అనే మాట గుర్తు రాక 'డ్రీమీ'ని అరువు తెచ్చుకోవలసి వచ్చిందంటే ఏమనాలి!

చివరికి కోలాటం నేర్పే పెద్దావిడకు విసుగొచ్చింది. "బాబూ, కర్రా కర్రా తగిలే క్షణం తేటగా కనపడాలి. తగలబోయే ముందు విసురు చారలా ఉన్నా పరవాలేదు," అంది. నా పుస్తకంలో ఆ రోజు నమోదైన ఏకైక సాంకేతిక సూచన అది. కర్ర తగిలినప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది, ఆగినది సాగదు, మామూలు కోణంలోనే స్పష్టంగా కనిపిస్తుంది. ఛాయాగ్రాహకుడు మాట్లాడకుండా 24 ఫ్రేములకు, 172.8కి తిప్పేశాడు. పొద్దున కెమెరాను పెట్టెలోంచి తీసినప్పుడు ఉన్న అంకెలే అవి.

దర్శకుడు మానిటర్ చూసి పరవశించాడు. ఆ షాటు ఎదురుగా ఏమి రాయమంటారని అడిగితే, "ప్రత్యేక ఫీల్ అని రాయి, రేపు ఫైట్‌కు కూడా ఇదే కావాలి," అన్నాడు. రాశాను.