బావకి రాసిన రెండు మెసేజీలు

కిందటేడు నవంబరులో ఒక రాత్రి అమ్మ ఫోన్‌లో అంది: "వానకి ఎనక గది కురస్తా ఉందిరా. మంచం పక్కన బకెట్ పెట్టుకోని పడుకుంటా ఉండా." కావలిలో మా ఇల్లు పాతది. మన నెల్లూరు వైపు పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆలోపే శ్లాబు బాగు చేయించమని జూన్‌లో బావకి మూడున్నర లక్షలు పంపాను. ఫోన్ పెట్టేశాక, డాలస్‌లో రాత్రి 11 గంటలకి నేను కొట్టిన మెసేజి ఇది. అక్కకీ బావకీ చదివి వినిపించి, వాళ్ళు సరేనన్నాకే ఇక్కడ పెడుతున్నాను.

"బావా, జూన్‌లో మూడున్నర లక్షలు పంపాను. ఐదు నెలలైంది. కనీసం ఒక్క ఫోటో కూడా పెట్టలేదు. అమ్మ బకెట్ పక్కన పడుకుంటోంది, మీకసలు పట్టిందా? నేనిక్కడ కష్టపడి పంపిస్తుంటే అక్కడ లెక్కా పత్రం లేదు. మీరెప్పుడూ ఇంతే. నాన్న ఉన్నప్పుడు కౌలు డబ్బుల విషయంలోనూ ఇలాగే చేశారు. చేతకాకపోతే చెప్పండి, ఇంకెవరికైనా అప్పజెబుతాను."

దీన్ని బావ చాట్‌లో కాకుండా, వాట్సాప్‌లో నా నంబరుకే పంపుకునే చాట్‌లో కొట్టాను. ఆ ఒక్క పనే నన్ను కాపాడింది. వాట్సాప్‌లో పంపిన మెసేజిని దిద్దుకోడానికి పావుగంటే టైముంటుంది. రెండు రోజుల దాకా అందరికీ డిలీట్ చెయ్యొచ్చు గానీ, డిలీట్ చేసినట్టు అవతల కనిపిస్తూనే ఉంటుంది. ఏం రాసి తీసేశాడోనన్న ఊహ, రాసినదానికంటే ఎక్కువ నొప్పి పెడుతుంది.

మన అమెరికా వాళ్ళకి ఇంకో ఇబ్బంది ఉంది. మనకి ఒళ్ళు అలిసి ఓపిక చచ్చిన వేళ వాళ్ళకి పని మధ్యలో ఉన్న వేళ. ఆ రాత్రి 11 అంటే కావలిలో మర్నాడు పదిన్నర. బావ ట్రంకు రోడ్డులో కొట్టు తెరిచి, ఇద్దరు ముగ్గురు బేరగాళ్ళతో మాట్లాడుతూ ఉంటాడు. ఆ మెసేజిని వాళ్ళ ముందు నిలబడి చదువుకోవాలి.

కోపం చల్లారాలంటే ఆ మెసేజిని మళ్ళీ మళ్ళీ చదవకూడదు. నేను మొదట చేసిన తప్పు అదే. పన్నెండింటికి ఒకసారి, ఒంటిగంటకి ఒకసారి తీసి చదివాను. ప్రతిసారీ ఇంకో వాక్యం చేరింది. కౌలు డబ్బుల సంగతి అలా వచ్చిందే. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు విద్యార్థులకి కోపం తెప్పించి, ఒక గుంపుని ఆ కోపం తెప్పించినవాడినే తలుచుకుంటూ పంచింగ్ బ్యాగుని కొట్టమన్నాడు. ఇంకో గుంపుని ఊరికే కూర్చోబెట్టాడు. చివర్లో చూస్తే, ఊరికే కూర్చున్నవాళ్ళకంటే కొట్టినవాళ్ళకే ఎక్కువ కోపం ఉంది. రాసింది మూసేసి, నిద్రపోయి, మర్నాడు ఆఫీసు పని చూసుకుని సాయంత్రం తెరవడమే నాకు తెలిసిన పద్ధతి. చల్లారిందో లేదో తెలుసుకోడానికి ఒక గుర్తు పెట్టుకున్నాను. పని ఆగడానికి బావ వైపు నుంచి ఒక్క కారణమైనా నాకు తోచాలి. తోచలేదంటే ఇంకో రోజు ఆగాలి.

మర్నాడు సాయంత్రం దిద్దడం మొదలుపెట్టాను. తిట్లు తీసేస్తే సరిపోతుందనుకుంటాం. కానీ మన తెలుగులో నింద తిట్లలో ఉండదు, చిన్న చిన్న మాటల్లో దాక్కుంటుంది. "కనీసం", "కూడా", "అసలు", "ఎప్పుడూ" అనేవి చూడండి. "ఫోటో రాలేదు" అన్నది సమాచారం. "కనీసం ఒక్క ఫోటో కూడా" అంటే అది తీర్పు. "మీకసలు పట్టిందా" అన్నది ప్రశ్నలాగా ఉంటుంది గానీ దానికి జవాబు లేదు. అవునన్నా కాదన్నా ఎదుటివాడు ముద్దాయే. అలాంటి ప్రశ్నల్ని కొట్టేసి, నిజంగా జవాబు కావలసినవే ఉంచాను. "నువ్వు" అని పిలిచే తమ్ముణ్ణి కోపంలో ఉన్నట్టుండి "మీరు" అనడం కూడా ఇలాంటిదే.

మన భాష ఇంకో సాయం కూడా చేస్తుంది. "మీరు లెక్క పంపలేదు" అనే చోట "నాకు లెక్క అందలేదు" అనొచ్చు. రెండూ నిజాలే. మొదటిదాంట్లో తప్పు చేసినవాడు నిలబడి ఉన్నాడు. రెండోదాంట్లో నాకు తెలిసినంతవరకే ఉంది. నేను డాలస్‌లో కూర్చుని చూసింది ఏమిటి? అమ్మ చెప్పిన మాట, నా బ్యాంకు లెక్క. ఆ రెండే. మిగతాదంతా నా ఊహ. కౌలు సంగతి ఎనిమిదేళ్ళనాటిది, శ్లాబుకి దానికీ సంబంధం లేదు. అది పోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. నింద తీసేసే ఊపులో అడగవలసింది కూడా తీసేస్తాం. "పర్లేదు బావా, మీ వీలు చూసుకుని చెయ్యండి" అని రాస్తే అది అబద్ధం. నాకు పర్లేకపోతే కదా! పైగా అలా మింగింది తర్వాత ఏ పెళ్ళిలోనో పదిమందిలో బయటపడుతుంది. అందుకే డబ్బు మొత్తం, గడువు, నా భయం, మూడూ అలాగే ఉంచాను. నిజంగా మోసం జరిగిందని కాగితాలు చేతిలో ఉంటే దానికి ఈ మెసేజి చాలదు, లాయరు దగ్గరికి వెళ్ళాలి.

చివరికి పంపింది ఇది:

"బావా, మొన్న అమ్మతో మాట్లాడాను. వెనక గది కురుస్తోందట, మంచం పక్కన బకెట్ పెట్టుకుందట. ఈ చలిలో తనకి ఏమవుతుందోనని భయంగా ఉంది. ముందు గదిలో పడుకోబెట్టడానికి వీలవుతుందా? శ్లాబు పని ఎంతవరకు వచ్చింది, జూన్‌లో పంపిన మూడున్నర లక్షల్లో ఎంత ఖర్చయింది నాకు తెలీలేదు. ఆదివారం లోపల ఖర్చుల కాగితం ఫోటో పంపండి. మీకు సాయంత్రం ఏడప్పుడు నేను ఖాళీగా ఉంటాను, ఫోన్ చెయ్యండి."

పంపేముందు ఒకసారి పైకి చదివాను. బావ కొట్టు నుంచి వచ్చాక తనకొచ్చిన మెసేజీలు ఇంట్లో అక్క పైకి చదువుతుంది, అమ్మ పక్కనుండి "ఏం రాశాడు?" అంటుంది. అక్క ఏ వాక్యం దగ్గర గొంతు తగ్గిస్తుందో ఊహించుకున్నాను. "నాకు చెప్పలేదు" అని రాసుకున్న చోట తగ్గిస్తుందనిపించి "నాకు తెలీలేదు" అని మార్చాను. కుటుంబం గ్రూపులో మాత్రం వెయ్యలేదు. పదిమంది చూస్తుండగా అడిగితే ఎంత మెత్తగా అడిగినా అది పంచాయితీయే.

శనివారం బావ ఫోన్ చేశాడు. ముందు వైపు శ్లాబు అయిపోయింది. వెనక వైపు మొదలుపెట్టేలోపు వానలు పట్టుకున్నాయి. తడిమీద వాటర్‌ప్రూఫింగ్ నిలవదని మేస్త్రీ ఆపేశాడు. జనవరిలో ఎండలొచ్చాక చేస్తాడు. ఇంతవరకు చెప్పి కాసేపు ఆగాడు. "అరవై వేలు పాప కాలేజీ ఫీజుకి కట్టేశా. ఫిబ్రవరిలో సర్దుతా. నీకు ఎట్లా చెప్పాలో తెలీక ఫోటోలు కూడా పెట్టలా" అన్నాడు.

నాకు అప్పటికీ కోపం వచ్చింది. దాచడమెందుకు? అడిగితే ఇచ్చేవాణ్ణి కదా అన్నాను. "మొదటి మెసేజి వచ్చుంటే అప్పు చేసి నీ మొహాన కొట్టేవాణ్ణి, ఈ మాట మాత్రం చెప్పేవాణ్ణి కాదు" అని ఈ వ్యాసం వినిపించినప్పుడు బావే అన్నాడు. ఫీజు సంగతి తీసేస్తానంటే, "ఉండనీ, అది లేకపోతే ఎవరికీ అర్థం కాదు" అన్నాడు.

ఆదివారం పొద్దున కాగితం ఫోటో వచ్చింది. రూళ్ళ నోటుబుక్కులో చింపిన పేజీ. సిమెంటు, ఇసుక, మేస్త్రీ కూలి, కెమికల్ డబ్బాలు, తేదీలతో సహా బావ రాతలో ఉన్నాయి. చివరి వరుసలో 60,000, దాని పక్కన బ్రాకెట్లో "నాది".