ఆరు సమీకరణాలకు జరుగుతున్న ఘోర అన్యాయం

ఇరవై ఏళ్లుగా ఇంజనీరింగ్ మెకానిక్స్ పేపర్లు దిద్దుతున్నవాణ్ని. మొన్న ఒకమ్మాయి పది మార్కుల ఫ్రేమ్ లెక్కను అరపేజీలో ముగించింది. జవాబు కరెక్టే. నా బాధల్లా మిగిలిన మూడున్నర పేజీల గురించి. ఆ కాగితం ఏం పాపం చేసింది?

లెక్క మామూలుదే. కొట్టు ముందు బోర్డు వేలాడదీసే స్టాండ్. 1.8 మీటర్ల అడ్డ కమ్మీ, ఒక కొస గోడకు ‘ఏ’ అనే చోట పిన్నుతో, రెండో కొస సీ దగ్గర 600 న్యూటన్ల బోర్డు. గోడ నుంచి 1.2 మీటర్ల దూరంలో బీ అనే పిన్ను దగ్గర కింది నుంచి ఒక ఏటవాలు కమ్మీ ఆనుతుంది. దాని రెండో కొస ఏకి 0.9 మీటర్లు దిగువన డీ దగ్గర గోడకే పిన్నుతో ఉంటుంది. పిన్నుల దగ్గర రియాక్షన్లు కనుక్కోవాలి.

పెద్దలు నేర్పిన పద్ధతి ఏమిటి? రెండు కమ్మీలనూ విడదీసి, మూడు పిన్నుల దగ్గర రెండేసి అజ్ఞాతాలు పెట్టి, కమ్మీకి మూడు చొప్పున ఆరు సమీకరణాలు రాసి, మధ్యలో ఒక మైనస్ గుర్తు పోగొట్టుకుని, మొదటికొచ్చి వెతుక్కోవడం. అదీ చదువంటే.

ఈ అమ్మాయి అదేమీ చెయ్యలేదు. ఏటవాలు కమ్మీని చూసి పక్కన ‘టూ ఫోర్స్ మెంబర్’ అని రాసేసింది. పిలిచి అడిగాను.

“ఎలా చెప్పావమ్మా?”

“దానికి రెండు చివర్లా పిన్నులే సార్. మధ్యలో లోడు లేదు, కపుల్ లేదు, బరువు వదిలెయ్యమన్నారు. రెండు బలాలే ఉంటే అవి సమానంగా, ఎదురెదురుగా ఉండాలి. ఒకే గీత మీద లేకపోతే కమ్మీ తిరిగిపోతుంది. కాబట్టి బలం బీ, డీలను కలిపే గీత మీదే సార్.”

కమ్మీని కొడవలిలా వంచితే అప్పుడేం చేస్తావని అడిగాను. పిన్నులను కలిపే గీత మారదు కదా సార్ అంది. ఇలాంటి జవాబుల వల్లే మా వృత్తికి గౌరవం తగ్గుతోంది.

ఆ గీత 3-4-5 త్రిభుజంలోది. ఏ నుంచి దానికి లంబ దూరం 0.72 మీటర్లు. ఏ చుట్టూ మొమెంట్లు తీసుకుంటే బోర్డుది 600 × 1.8, అంటే 1080. దాన్ని 0.72తో భాగిస్తే కమ్మీలో బలం 1500 న్యూటన్లు. అడ్డంగా 1200, పైకి 900. ఒక్క సమీకరణంతో కథ సగం అయిపోయింది! తక్కిన అయిదింటి ఉపాధి మాటేమిటి?

ఇక ఏ దగ్గర. మా కుర్రాళ్లు సంప్రదాయంగా అక్కడ బాణం పైకి గీస్తారు. గోడ మోస్తుంది కదా అని. ఈ అమ్మాయి లెక్క వెయ్యకముందే కిందికి గీసింది. అడ్డ కమ్మీ మీద మూడే బలాలు, అవి సమాంతరం కావు, కాబట్టి మూడూ ఒక బిందువులో కలవాలట. బోర్డు గీతను పైకి, ఏటవాలు గీతను ముందుకు పొడిగిస్తే సీకి సరిగ్గా 0.45 మీటర్ల పైన కలిశాయి. ఏ రియాక్షన్ గీత కూడా అక్కడికే పోవాలి. ఏటవాలు కమ్మీ గోడకు దూరంగా తోస్తోంది గనక ఏ దగ్గర గోడ వెనక్కి లాగాలి. ఆ గీత మీద వెనక్కి అంటే కిందికి కూడా. చూస్తే అడ్డంగా 1200, కిందికి 300. నాలుగుకు ఒకటి వాలు, బొమ్మతో సరిపోయింది. కనీసం ఒక మైనస్ గుర్తుకైనా భయపడని పిల్లలను ఏం చేసుకుంటాం?

ఆమె పక్కన కూర్చున్న కుర్రాడే నా ఆశాకిరణం. ఇదేదో తేలిగ్గా ఉందని అడ్డ కమ్మీని కూడా టూ ఫోర్స్ చేసేశాడు. దానికి మూడు చోట్ల బలాలున్నాయని చూసుకోలేదు. దాంతో ఏ దగ్గర నిలువు బలం మాయమై, బోర్డు 600 మొత్తం ఏటవాలు కమ్మీ మీదే పడి, అందులో 1000 న్యూటన్లు వచ్చాయి. ఏ చుట్టూ సరిచూస్తే ఒక పక్క 720, ఇంకో పక్క 1080. ఆ కొట్టు బోర్డు కస్టమర్ నెత్తిన పడుతుంది. అయినా నాలుగు పేజీలు నింపాడు, శ్రమకు మూడు మార్కులు వేశాను.

బాగా ఆలోచించి ఈసారి ప్రశ్నలో ఏటవాలు కమ్మీ బరువు 40 న్యూటన్లు అని చేర్చాను. ఇక అది టూ ఫోర్స్ మెంబర్ కాదు, బీ దగ్గర బలం ఆ గీత మీద ఉండదు. ఆరు సమీకరణాలూ సగౌరవంగా తిరిగొచ్చాయి. నేనే కూర్చుని ఒక సాయంత్రమంతా చేశాను. బీ దగ్గర నిలువు బలం అదే 900. అడ్డంగా 1200 కాస్తా దాదాపు 1227 అయింది.

ఆ 27 న్యూటన్ల కోసం పరీక్ష హాలుకు మూడు కట్టల అడిషనల్ షీట్లు తెప్పించమని ఆఫీసుకు రాశాను.