సంతకం పెట్టించుకుంటే బాధ్యత తీరిపోదు

జిమ్‌లో చేరడానికి వెళ్లిన ప్రతి ఒక్కరి చేతికీ ఒక ఫారం వస్తుంది. ముందువైపు పేరు, వయసు, బరువు, ఫోటో అంటించడానికి చోటు ఉంటాయి. వెనకవైపు కంటికి ఆనని అక్షరాల్లో, చాలాచోట్ల ఇంగ్లిషులో మాత్రమే, షరతులు ఉంటాయి. కట్టిన ఫీజు ఏ పరిస్థితిలోనూ వాపసు ఇవ్వరని ఒక షరతు, వేళలను, శిక్షకులను, చివరికి బ్రాంచినే మార్చే హక్కు యాజమాన్యానిదేనని ఇంకొకటి చెబుతాయి. జిమ్ ఆవరణలో ఏ కారణం చేతనైనా సంభవించే గాయానికి, మరణానికి, వస్తువుల నష్టానికి యాజమాన్యం బాధ్యత వహించదన్నది వీటన్నిటిలోకీ పెద్దది. వాటిలో ఒక్క మాటను కూడా మార్చమని అడిగే వీలు సభ్యుడికి ఉండదు. సంతకం పెడితే చేరినట్టు, లేకపోతే వెళ్లిపోవాల్సినట్టు. ఇలాంటి ముద్రిత ఒప్పందాల్లో చట్టం దేన్ని నిలబెడుతుందో, దేన్ని కొట్టేస్తుందో సామాన్యులకు తెలియకపోవడమే యాజమాన్యాలకు పెద్ద అండగా మారింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఈ పరిస్థితిని కొంత మార్చింది కానీ, అవసరమైన చోటే ఒక తలుపు మూసి ఉంచింది.

ఒక ఊహా ఉదాహరణతో విషయాన్ని పరిశీలిద్దాం. శ్రీకాకుళం పట్టణంలో ఒక ఉద్యోగిని జిమ్‌లో ఏడాదికి 24,000 రూపాయలు కట్టి చేరారు. నెలవారీగా అయితే ఫీజు 3,000 రూపాయలు. కూర్చుని పైనుంచి కడ్డీని కిందికి లాగే యంత్రంలో తీగ పోగులు విడిపోతున్నాయని ఆమె మూడో నెలలో గమనించారు. ఫోటో తీసి జిమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ‘చూస్తాం మేడమ్’ అని మేనేజరు జవాబిచ్చారు. యంత్రానికి ‘వాడరాదు’ అన్న కాగితమైనా అంటించలేదు. రెండు వారాల తర్వాత ఆమె లాగుతుండగా తీగ తెగి, కడ్డీ భుజం మీద పడింది. ఆసుపత్రి ఖర్చు 62,000 రూపాయలు అయింది. ఇక ఆరు నెలల పాటు బరువులు ఎత్తవద్దని వైద్యులు చెప్పారు. చికిత్స ఖర్చుతో పాటు మిగిలిన తొమ్మిది నెలల ఫీజును ఆమె అడిగితే, యాజమాన్యం ఫారం వెనకవైపు చూపించింది.

ఇక్కడ మొదట తేల్చాల్సింది ఆ షరతు అసలు ఒప్పందంలో భాగమేనా అన్నది. డబ్బు కట్టి చేరిన తర్వాత గోడ మీద కనిపించిన బోర్డు ఒప్పందంలో చేరదు. హోటల్ గదిలో తగిలించిన నోటీసు అతిథిని కట్టిపడేయదని, ఎందుకంటే ఒప్పందం అప్పటికే రిసెప్షన్‌లో పూర్తయిందని 1949లో ఇంగ్లండు కోర్టు ఒక తీర్పులో చెప్పింది. మన కోర్టులు కూడా ఈ సూత్రాన్ని ఒప్పుకుంటాయి. అయితే మన ఉదాహరణలో ఆమె ఫారం మీద సంతకం పెట్టారు. చదవలేదన్న వాదన సాధారణంగా నిలవదు. కాబట్టి షరతు ఒప్పందంలో ఉందనే అనుకుని ముందుకు సాగాలి.

తర్వాతి ప్రశ్న, ఆ షరతు ఈ ప్రమాదాన్ని కప్పుతుందా అన్నది. ముద్రిత ఒప్పందంలో సందేహాస్పదంగా ఉన్న మాటను దాన్ని రాసినవారికి వ్యతిరేకంగానే అర్థం చేసుకోవాలన్నది న్యాయస్థానాలు పాటించే నియమం. షరతులో ‘పరికరాల వాడకంలో జరిగే గాయాలు’ అని మాత్రమే ఉంటే, పాడైన పరికరాన్ని తెలిసి తెలిసి వాడకంలో ఉంచిన నిర్లక్ష్యం అందులోకి రాదని వాదించడానికి ఆమెకు గట్టి ఆస్కారం ఉంది. శక్తికి మించిన బరువెత్తి కండరం చిట్లడం వ్యాయామంలో సహజంగా ఉండే ప్రమాదం. తీగ తెగడం అలాంటిది కాదు. శిక్షకుడు వద్దన్నా వినకుండా ఆమె ఎక్కువ బరువు వేసుకుని గాయపడి ఉంటే మేము కూడా యాజమాన్యాన్ని తప్పుపట్టం. ఈ తేడా ముఖ్యం. జిమ్ యజమాని బీమా సంస్థ కాదు, కానీ యంత్రాలను భద్రంగా ఉంచడం ఆయన అమ్ముతున్న సేవలో భాగమే.

షరతు మాటలు ఎంత విస్తారంగా ఉన్నా చట్టం వాటిని అలాగే ఒప్పుకుంటుందా అన్నది అసలైన ప్రశ్న. చట్టంలోని 2(11) సెక్షన్ ‘సేవా లోపం’ నిర్వచనంలోకి వినియోగదారుడికి నష్టాన్నో గాయాన్నో కలిగించే నిర్లక్ష్యాన్ని స్పష్టంగా చేర్చింది. సొంత నిర్లక్ష్యం నుంచి యజమానులు ఒప్పందం చాటున తప్పించుకోవడాన్ని సుప్రీంకోర్టు కూడా హర్షించలేదు. ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటల్ కేసులో, వాలెట్ పార్కింగ్‌కు అప్పగించిన కారు 1998లో దొంగతనానికి గురైంది. పార్కింగ్ చీటీ మీద ‘యజమానిదే బాధ్యత’ అని అచ్చేసి ఉన్నా, కారును తన స్వాధీనంలోకి తీసుకున్నాక తన లేదా తన సిబ్బంది నిర్లక్ష్యానికి హోటల్ బాధ్యత తప్పించుకోలేదని 2019 నవంబరులో కోర్టు తీర్పు ఇచ్చింది. అంతకు చాలా ముందే మద్రాసు హైకోర్టు, పోయిన బట్ట విలువలో కొంత భాగమే ఇస్తామన్న లాండ్రీ రసీదు షరతును ప్రజాహితానికి విరుద్ధమని కొట్టేసింది. బట్టలకూ కారుకూ ఉన్న రక్షణ మనిషి శరీరానికి లేదనడం న్యాయం కాదు. అయితే తాజ్ తీర్పును అన్నిటికీ వర్తింపజేయలేం. లాకరు తాళంచెవి సభ్యుడి దగ్గరే ఉంటే వస్తువును జిమ్‌కు అప్పగించినట్టు కాదు. ఫోను పోతే యాజమాన్యం నిర్లక్ష్యాన్ని విడిగా నిరూపించాల్సి ఉంటుంది.

ఇక ఫీజు సంగతి. నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానాను, వినియోగదారుడిని ప్రతికూల స్థితిలోకి నెట్టే అసమంజసమైన షరతును, సరైన కారణం లేకుండా ఏకపక్షంగా ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కును 2(46) సెక్షన్ ‘అనుచిత ఒప్పందం’ లక్షణాలుగా పేర్కొంది. మన ఉదాహరణలో సేవ తీసుకోలేని స్థితికి కారణం జిమ్ నిర్లక్ష్యమే కనుక, నెలకు 2,000 చొప్పున తొమ్మిది నెలలకు 18,000 రూపాయలు ఆమెకు రావాలి. ఆమె గాయపడకుండా, ఉద్యోగం బదిలీ అయి ఊరు వదిలి ఉంటే లెక్క వేరుగా ఉండవచ్చు. ఏడాది ఫీజులో తగ్గింపు ఇచ్చాం కాబట్టి వాడుకున్న మూడు నెలలకు పూర్తి నెలవారీ ధర 9,000 మినహాయించి 15,000 ఇస్తామని యాజమాన్యం అంటే అందులో న్యాయం ఉంది. ఒక్క పైసా కూడా ఇవ్వబోమనడంలో మాత్రం లేదు. ఇంగ్లండు హైకోర్టు 2011లో జిమ్ ఒప్పందాల మీద ఇచ్చిన తీర్పు ఈ వ్యాపారం లోగుట్టును పట్టుకుంది. తాము ఎంత క్రమం తప్పకుండా వెళ్తామన్నది సామాన్యులు చేరేటప్పుడు ఎక్కువగా అంచనా వేసుకుంటారని, ఆ అమాయకత్వం మీదే దీర్ఘకాలిక ఒప్పందాలు నడుస్తున్నాయని న్యాయమూర్తి గుర్తించి, మధ్యలో బయటపడే దారి లేకుండా ఏడాదికి మించి సభ్యులను కట్టిపడేసే షరతులను అన్యాయమైనవిగా తేల్చారు.

ఇంతవరకూ చట్టం ఆమె పక్షానే ఉంది. ‘వివాదాలు హైదరాబాద్ కోర్టుల్లోనే’ అన్న షరతు ఫారంలో ఉన్నా, తాను నివసించే లేదా పనిచేసే చోటే ఫిర్యాదు చేసే హక్కును 34వ సెక్షన్ ఆమెకు ఇచ్చింది. ఆ హక్కును ఒక ముద్రిత వాక్యం తీసేయజాలదు. ఘటన జరిగిన రెండేళ్లలోపు శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. కట్టిన ఫీజు ఐదు లక్షల లోపే కనుక ఫిర్యాదు రుసుము కూడా లేదు. తీగ ఫోటో, తేదీతో ఉన్న వాట్సాప్ సందేశం, ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, బిల్లులు ఆమె చేతిలో ఉండాలి. యంత్రాల నిర్వహణ రిజిస్టరును చూపమని ఆమె అడిగినప్పుడు యాజమాన్యం దాన్ని తెచ్చి చూపలేకపోతే అదే వారికి ఎదురు తిరిగే సాక్ష్యం.

మూసి ఉంచిన తలుపు ఇక్కడే ఎదురవుతుంది. అనుచిత ఒప్పందాలపై ఫిర్యాదులను విచారించే అధికారాన్ని చట్టం 47వ సెక్షన్ కింద రాష్ట్ర కమిషన్‌కు, 58వ సెక్షన్ కింద జాతీయ కమిషన్‌కు ఇచ్చింది. షరతు చెల్లదని ప్రకటించే అధికారం కూడా 49, 59 సెక్షన్ల ప్రకారం ఆ రెండింటిదే. జిల్లా కమిషన్ అధికారాల్లో ఆ మాట ఎక్కడా లేదు. సేవా లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న దారుల్లో జిల్లా కమిషన్ ఆమెకు పరిహారం ఇప్పించగలదు, డబ్బు వాపసు ఇమ్మనగలదు. కానీ ఆ షరతు మాత్రం ఫారం మీద చెక్కుచెదరకుండా ఉంటుంది. మర్నాడు చేరే సభ్యుడు అదే కాగితం మీద సంతకం పెడతాడు, గాయపడితే అదే షరతు చూపించి వెనక్కి పంపుతారు. దాన్ని రద్దు చేయించాలంటే 24,000 రూపాయల ఒప్పందం మీద శ్రీకాకుళం నుంచి విజయవాడలోని రాష్ట్ర కమిషన్ దాకా వెళ్లాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే వీలు దూరాన్ని కొంత తగ్గించినా, న్యాయవాది ఖర్చును, కాలయాపనను తగ్గించలేదు. చిన్న మొత్తాల ఒప్పందాల్లోనే అనుచిత షరతులు ఎక్కువగా ఉంటాయని తెలిసి కూడా, వాటిని కొట్టేసే అధికారాన్ని చిన్న మొత్తాలను విచారించే కమిషన్‌కు ఇవ్వకపోవడం శాసనకర్తల పెద్ద పొరపాటని మా నిశ్చితాభిప్రాయం.

మరో లోటు కూడా ఉంది. నిర్లక్ష్యం వల్ల కలిగే మరణానికి, శారీరక గాయానికి బాధ్యతను ఒప్పందంతో తప్పించుకోవడం కుదరదని బ్రిటన్ 1977లోనే చట్టంలో నేరుగా రాసుకుంది. 2015 వినియోగదారుల హక్కుల చట్టంలోని 65వ సెక్షన్‌లో దాన్ని మళ్లీ చెప్పింది. మన చట్టంలో అంత సూటి వాక్యం లేదు. కాబట్టి గాయపడిన ప్రతి మనిషీ షరతు ఎందుకు అనుచితమో మొదటినుంచీ వాదించుకోవాలి. అన్యాయమైన షరతుల మీద ప్రత్యేక చట్టం అవసరమని జస్టిస్ ఎం. జగన్నాథరావు నేతృత్వంలోని లా కమిషన్ 199వ నివేదికలో 2006లోనే చెప్పింది. ఆ చట్టం నేటికీ రాలేదు.

పార్లమెంటు ఇందుకోసం పెద్ద సవరణలేమీ చేయనక్కర్లేదు. 34, 39 సెక్షన్లలో అనుచిత ఒప్పందాల ప్రస్తావనను చేర్చి జిల్లా కమిషన్లకు షరతును రద్దు చేసే అధికారం ఇవ్వాలి. నిర్లక్ష్యంతో కలిగిన శారీరక గాయానికి బాధ్యత లేదనే షరతు దానంతటదే చెల్లదని 2(46) సెక్షన్‌కు ఒక వాక్యం జోడించాలి. ఆ సవరణ వచ్చేలోగా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తన చేతిలో ఉన్న అధికారాన్ని వాడాలి. 18వ సెక్షన్ కింద మార్గదర్శకాలు జారీ చేసి, జిమ్ ఫారాలు రాష్ట్ర భాషలో, చదవగలిగే అక్షరాల్లో ఉండాలని, వాడని నెలల ఫీజును తిరిగి లెక్కగట్టే పద్ధతిని ఫారం ముందువైపే రాయాలని, యంత్రాల తనిఖీ తేదీలను సభ్యులు చూడగలిగే చోట ఉంచాలని ఆదేశించాలి. బహుళ శాఖలున్న సంస్థల ఫారాలను తెప్పించుకుని మొదట పరిశీలిస్తే, అవే షరతులను చూసి రాసుకున్న చిన్న జిమ్‌లు కూడా మారక తప్పదు.