గోడ మీది మాట

సంక్రాంతికి నెల్లూరు జిల్లాలోని మా ఊరికి వెళ్లినప్పుడు, మన సంఘం సాయంతో నడుస్తున్న రాత్రి బడి చూడ్డానికి వెళ్లాను. పదకొండు మంది ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు పలకలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. గోడకు మనం డబ్బు పంపి వేయించిన బ్యానరు ఉంది: ‘విద్య లేనివాడు వింత పశువు’.

అరవై దాటిన ఒక పెద్దమ్మ దాని వంక చూస్తూ కూడబలుక్కుంది. ఆవిడ మూడు నెలలుగా బడికి వస్తోంది. అక్షరాలు, గుణింతాలు వచ్చాయి, ఒత్తులు ఇంకా రాలేదు. అందుకని మొదటి మాట దగ్గర ఆగిపోయి, దాన్ని వదిలేసి మిగతాది చదివింది. ‘లే-ని-వా-డు విం-త ప-శు-వు.’

చదివి మాస్టారి వైపు తిరిగింది. ‘లేనోళ్లు పశువులా నాయనా?’

మాస్టారు పాతికేళ్ల కుర్రాడు. ‘అది కాదు పెద్దమ్మా, ముందు ఇంకో మాటుంది’ అన్నాడు కానీ, ఆ మాట చదివి వినిపించడానికి అతనికి నోరు రాలేదు. చదివితే మాత్రం ఏం మారుతుంది? లేనివాళ్లకు బదులు చదువులేనివాళ్లు పశువులవుతారు. ఆ గదిలో కూర్చున్నది వాళ్లే.

భర్తృహరి ‘విద్యావిహీనః పశుః’ అన్నాడు. మన బడి గోడలు తరతరాలుగా ఆ మాట మోస్తున్నాయి. పిల్లల బడిలోనే అది నాకు నచ్చదు. పెద్దల బడిలో అయితే అది తిట్టే. ఆ పెద్దమ్మ రెండు గేదెలను సాకి, పాలు పోసి ముగ్గురు పిల్లలను చదివించింది. ఎన్ని లీటర్లు పోసిందో, ఎంత బాకీ రావాలో నెలంతా నోటిలెక్కలో పెట్టుకునేది. ఆవిడకు లేనిది తెలివి కాదు, చదువు.

పిల్లలకు పుస్తకం ఒళ్లో ఉంటుంది, పెద్దల సంగతి వేరు. నలభై దాటాక చత్వారం వస్తుంది, దగ్గరి అక్షరం అలుక్కుపోతుంది, దూరంగా ఉన్న గోడ మాత్రం బాగానే కనిపిస్తుంది. చాలామందికి చదవగలిగే మొదటి పుస్తకం ఆ గోడే. చత్వారం సంగతి తెలియక ‘ముసలి బుర్రకు ఎక్కడం లేదు’ అని వాళ్లే బడి మానేస్తారు. పుస్తకాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టించి చూడాలి. అప్పుడు చదవగలిగితే లోపం బుర్రది కాదు, కంటిది. వాళ్లకు కావలసింది కళ్లద్దాలు.

అందుకే గోడ మీది మాటకు నేను రెండు పరీక్షలు పెడతాను. చదివినవాళ్లు తలెత్తుకునేలా ఉండాలి. మూడో నెలకల్లా సొంతంగా చదవగలిగేలా ఉండాలి.

‘గోరంత దీపం కొండంత వెలుగు’ చూడండి. ఒక్క ఒత్తు కూడా లేదు. గుణింతాలు, సున్నా వస్తే చాలు. పైగా నేర్చుకున్నది కొంచెమే అని ఎవరినీ చిన్నబుచ్చదు. బస్సు బోర్డు మీద ఊరి పేరు చదవగలిగితే ఇంకొకరిని అడిగే పని తప్పుతుంది. గోరంత అంటే అదే.

‘తినగ తినగ వేము తియ్యనుండు’లో ఉన్నది ఒక్కటే ఒత్తు, అదీ య్య. మొదటి మాట రెండుసార్లు వస్తుంది కాబట్టి రెండోసారి తడుముకోకుండా చదువుతారు. చదివాననే ధైర్యం అక్కడే వస్తుంది. వేపచేదు ఎలా ఉంటుందో మాస్టారి కంటే వాళ్లకే బాగా తెలుసు.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనే సామెతను ఎవరూ గోడ మీద రాయనక్కర్లేదు. వాళ్లే తమ మీద వేసుకుంటారు. ఆ రాత్రి కూడా ఒకాయన అన్నాడు. పక్కనున్నావిడ వెంటనే అందుకుంది: ‘ఇప్పుడు మానును వంచేదెవరు? ఉగాదికి మాను చిగురెయ్యదా?’ ఇలాంటి మాట మన కమిటీ మీటింగులో పుట్టదు.

మా జిల్లాకు ఈ సంగతి కొత్త కాదు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. సారా వల్ల చితికిన సంసారం కథ అది. అందులో ఎవరూ సీతమ్మకు నీతులు చెప్పలేదు, ఆమె బతుకునే పాఠం చేశారు. ఆ చదువుల మధ్యే దూబగుంట ఆడవాళ్లు సారాకొట్టు మీదికి వెళ్లారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ అయింది. ఒక్క పాఠంతోనే అదంతా జరిగిందని నేను అనను. కానీ ఆ పాఠం వాళ్లను తక్కువ చెయ్యలేదు.

సామెత మార్చినంత మాత్రాన బడి నిండదని నాకు తెలుసు. కోతల రోజుల్లో ఏ సామెతా ఎవరినీ బడికి రప్పించలేదు. అయినా మనం పంపిన డబ్బుతో మనవాళ్లనే పశువులంటూ గోడకెక్కించడం తప్పు. దాన్ని దిద్దుకోవలసింది మనమే.

ఆ బ్యానరు తీయించాను. సున్నం కొట్టి, అరచేయంత అక్షరాలతో దీపం మాట, వేము మాట రాయించాం. వాటి కింద ఖాళీ ఉంచాం. మాను చిగురు గురించి అన్నావిడ ఒత్తులు నేర్చుకున్నాక, తన మాట తనే అక్కడ రాస్తానంది.