పేరు ఎన్నో స్థానంలో? ముందే అడగండి

విదేశాల్లో మాస్టర్స్ చదువుతూ పీహెచ్‌డీ మీద కన్నేసిన వాళ్లందరిదీ ఇప్పుడు ఒకటే టెన్షన్: అప్లై చేసేలోగా ఒక పరిశోధన పేపర్ రావాలి. రెండేళ్ల కోర్సు ఆగస్టులో మొదలైతే, అమెరికాలో చాలా పీహెచ్‌డీ గడువులు మరుసటి ఏడాది డిసెంబరులోనే వచ్చేస్తాయి. ఉన్నది 16 నెలలు. మొదటి సెమిస్టర్ క్లాసులకే చాలదు, జర్నల్ రివ్యూకే నెలలు పడుతుంది. దరఖాస్తులు చదివే ప్రొఫెసర్లకు ఈ లెక్క తెలియనిది కాదు. అచ్చయిన పేపర్ లేదని వాళ్లు ఆశ్చర్యపోరు.

ఈ హడావిడిలో అసలు మాట, పేపర్ రచయితల వరసలో తమ పేరు ఎన్నోదన్నది, అడగడం మరిచిపోతున్నారు. నాకు తెలిసిన ఒక విద్యార్థిని జనవరిలో ల్యాబ్‌లో చేరింది. ప్రయోగాలు చేసింది, డేటా విశ్లేషణ మొత్తం తనే చేసింది. పేపర్లోని నాలుగు చిత్రాల్లో రెండు ఆమెవే. రాత పని పీహెచ్‌డీ సీనియర్ చూసుకున్నాడు. అక్టోబరులో డ్రాఫ్ట్ వచ్చేసరికి ఆమె పేరు మూడోది. రెండో పేరు పరికరం నడపడం నేర్పిన వ్యక్తిది.

వైద్య జర్నళ్ల సంపాదకుల సంఘం ఐసీఎంజేఈ రచయితకు నాలుగు షరతులు పెట్టింది: పరిశోధనలో గణనీయమైన పాత్ర, రాతలోనో దాన్ని సరిదిద్దడంలోనో భాగం, తుది ప్రతికి సమ్మతి, మొత్తం పనికి జవాబుదారీ. నాలుగూ ఉండాలి. పరికరం నేర్పడం ఒక్కటే అయితే కృతజ్ఞతల్లో చెప్పాలి. కానీ ఎవరి పేరు ముందు, ఎవరిది తర్వాత అన్నది ఆ నియమాలు తేల్చవు, సహరచయితలే తేల్చుకోవాలి. అందుకే ప్రయోగం మొదలుపెట్టిన నెలలోనే "మెథడ్స్ భాగం నేను రాస్తాను, పేర్ల వరస ఎలా అనుకుంటున్నారు?" అని ఈమెయిల్‌లో అడగాలి. పని మారితే మళ్లీ అడగాలి. అక్టోబరులో అడిగితే అది గొడవగా కనిపిస్తుంది.

పేపరే గట్టి సాక్ష్యం, సిఫార్సు లేఖల్లో అందరినీ పొగుడుతారు అని కొందరంటారు. మెషీన్ లెర్నింగ్ లాంటి పోటీ రంగాల్లో ఆ మాటకు బలం ఉంది. కానీ మూడో పేరు చూసిన అడ్మిషన్ కమిటీకి ఆ మనిషి ఏం చేసిందో తెలియదు. గణితంలో పేర్లు సాధారణంగా అక్షర క్రమంలోనే ఉంటాయి, అక్కడ స్థానానికి అర్థమే లేదు. ఆ అమ్మాయి విషయంలో ఖాళీని నింపింది గైడ్ లేఖ. తొలి విశ్లేషణలోని తప్పును ఆమె ఎలా పట్టుకుందో, దాంతో ఫలితం ఎలా మారిందో ఆయన ఒక పేరా రాశారు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే వచ్చింది.

నా అసలు బాధ పేపర్లను లెక్కపెట్టే అలవాటు మీద. ఆ లెక్క కోసమే డబ్బు కడితే వారంలో అంగీకరించే జర్నళ్లకు విద్యార్థులు పరిగెడుతున్నారు, చెయ్యని పనికి స్నేహితుల పేర్లు చేరుస్తున్నారు. ఆ పేపర్ మీద ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు పడితే మూడోదానికి జవాబు ఉండదు.