తొంభై శాతం పొంతన చెప్పని సంగతి

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ప్రభుత్వ ఆసుపత్రికి ఎందుకు వెళ్లరు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. 2019-21లో జరిగిన ఐదో విడతలోనూ ఉంది. జవాబుకి ప్రశ్నావళిలో ముందే పెట్టిన గళ్లు ఉంటాయి: దగ్గరలో ఆసుపత్రి లేదు, వేళలు కుదరవు, సిబ్బంది తరచూ ఉండరు, చాలాసేపు ఆగాలి, వైద్యం బాగుండదు, ఇతరాలు. జనం తమ మాటల్లో చెబుతారు. అడిగే మనిషి విని, సరిపోయిందనుకున్న గడిలో గుర్తు పెడతారు. ఒకటికి మించి కారణాలు చెబితే అన్నీ నమోదు చేస్తారు. లక్షల ఇళ్లు తిరిగే సర్వేకి ఇంతకంటే తేలికైన దారి లేదు, అందులో తప్పు పట్టడానికీ లేదు. కానీ ఆ మనిషి విన్నదేమిటో ఎక్కడా మిగలదు, గుర్తు మాత్రమే మిగులుతుంది. అదే జవాబును ఇంకొకరు వింటే అదే గడిలో గుర్తు పెట్టేవారా అని తర్వాత ఎవరూ పరీక్షించలేరు.

చిన్న సర్వేలకు ఆ ఇబ్బంది లేదు. ఒక జిల్లాలోనో రెండు జిల్లాల్లోనో వెయ్యి, రెండు వేల మందిని అడిగే సంస్థలు, విశ్వవిద్యాలయ బృందాలు, పత్రికలు జవాబును చెప్పింది చెప్పినట్టు రాసుకోవచ్చు, రికార్డు చేసుకోవచ్చు. తర్వాత తీరిగ్గా చదివి అంశాలుగా విడగొట్టవచ్చు. దీన్నే కోడింగ్ అంటారు. ఒక్కో అంశం ఒక కోడ్. దానికి ఏ జవాబు వస్తుంది, ఏది రాదు అని రాసిపెట్టుకున్న పుస్తకం కోడ్ బుక్. చదివి కోడ్ వేసేవాళ్లు కోడర్లు. చివరికి పత్రికలో 'పన్నెండు శాతం మంది సిబ్బంది ఉండరన్నారు' అని అచ్చయ్యే అంకె ఈ కోడర్ల నిర్ణయాల మొత్తం. అందుకే వాళ్ల మధ్య పొంతన ఎంతో చెప్పకుండా ఆ అంకెను మాత్రమే చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది. చెప్పినా చాలాసార్లు ఒకే ముక్క: 'కోడర్ల మధ్య తొంభై శాతం పొంతన ఉంది.' ఆ ముక్క ఏం దాస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను ఊహించి వేసినవే, లెక్క తీరు మాత్రం అసలుదే.

ఆసుపత్రి ప్రశ్నకు వచ్చిన జవాబుల్లోంచి రెండు వందలు ర్యాండమ్‌గా తీసి, ఇద్దరు కోడర్లకు విడివిడిగా ఇచ్చామనుకోండి. ఒకరు వేసిన కోడ్ ఇంకొకరికి కనిపించకూడదు, మధ్యలో మాట్లాడుకోకూడదు. 'దూరం' అనే కోడ్ దగ్గర పెద్ద గొడవ ఉండదు. 'ఆటోకి వంద అవుతుంది, పోనూ రానూ' అన్నా, 'మా ఊరికి బస్సు లేదు' అన్నా ఇద్దరూ దూరమే అంటారు. 54 జవాబులకు ఇద్దరూ ఆ కోడ్ వేశారు, 138కి ఇద్దరూ వేయలేదు, ఎనిమిదింటి దగ్గర మాత్రం తేడా వచ్చింది. పొంతన 96 శాతం.

'సిబ్బంది ఉండరు' అన్న కోడ్ దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. పది జవాబులకు ఇద్దరూ వేశారు. పద్నాలుగింటికి మొదటి కోడర్ ఒక్కరే వేశారు, ఆరింటికి రెండో కోడర్ ఒక్కరే వేశారు. మిగిలిన 170కి ఇద్దరూ వేయలేదు. కలిసినవి 180, అంటే పొంతన 90 శాతం. వినడానికి బాగానే ఉంది. అయితే ఆ 180లో 170 అసలు ఆ ఊసే లేని జవాబులు. మందులు లేవన్నవాళ్లు, దూరమన్నవాళ్లు, మాకు అలవాటు లేదన్నవాళ్లు. వాటికి ఆ కోడ్ వేయకపోవడం ఎవరికైనా తెలుస్తుంది. ఎవరో ఒకరికి 'సిబ్బంది ఉండరు' అనిపించిన జవాబులు 30. ఆ ముప్పైలో ఇద్దరూ ఒప్పుకున్నవి పదే, మూడింట ఒక వంతు.

ఈ తేడాను పట్టుకోవడానికే 1960లో జేకబ్ కోహెన్ 'కప్పా' అనే కొలత ఇచ్చాడు. కోడర్లు జవాబులు చదవకుండా, తమ తమ అలవాటు ప్రకారం చీటీలు తీసినట్టు కోడ్ వేసినా కొంత పొంతన దానంతటదే వస్తుంది. దాన్ని తీసేసి చూడమంటాడు. మన ఉదాహరణలో మొదటి కోడర్ ఆ కోడ్ వేసింది 24 జవాబులకి, అంటే 12 శాతం. రెండో కోడర్ 16కి, అంటే 8 శాతం. గుడ్డిగా వేసినా ఇద్దరూ 'అవును' అనడం సుమారు ఒక శాతం, ఇద్దరూ 'కాదు' అనడం సుమారు 81 శాతం, మొత్తం 82 దాకా వస్తుంది. అంటే చదివితేనే వచ్చే పొంతనకి మిగిలిన జాగా 18 శాతమే. మనవాళ్లు సాధించింది 90, గుడ్డి పొంతన కంటే ఎనిమిది ఎక్కువ. పద్దెనిమిదిలో ఎనిమిది. కప్పా 0.45 వస్తుంది. 'దూరం'కి ఇదే లెక్క వేస్తే 0.90. అదే తొంభై శాతం పొంతన, జవాబిచ్చినవాళ్లలో సగం మంది ఎత్తే అంశానికి వచ్చి ఉంటే కప్పా 0.80 ఉండేది. శాతం ఒకటే అయినా అర్థం వేరు.

ఎంత ఉంటే చాలు? 1977లో లాండిస్, కోచ్ ఇచ్చిన పట్టిక ప్రకారం 0.41 నుంచి 0.60 వరకు మధ్యస్థం, 0.80 దాటితే దాదాపు సంపూర్ణం. ఆ గీతలు తాము ఇష్టానుసారం గీసినవేనని వాళ్లే ఒప్పుకున్నారు. తన పేరుతోనే ఆల్ఫా అనే కొలత ఇచ్చిన క్రిప్పెన్‌డార్ఫ్ ఇంకా కఠినం: 0.80 ఉండాలి, 0.667 కంటే తగ్గితే దాని మీద నిర్ధారణలు వద్దు అంటాడు. కప్పాకీ ఒక లోపం ఉంది. అరుదుగా వచ్చే కోడ్‌కి రెండు మూడు జవాబులు అటూ ఇటూ అయినా అది ఎగిరి దూకుతుంది. అందుకే అరుదైన కోడ్‌కి కప్పాతో పాటు 'ముప్పైలో పది' అన్న మామూలు లెక్క కూడా ఇవ్వాలని నా పట్టు. పాఠకుడికి సూత్రం అక్కర్లేకుండానే విషయం అర్థమవుతుంది.

0.45 వచ్చాక చేయాల్సిన మొదటి పని తేడా వచ్చిన ఆ ఇరవై జవాబులను ముందేసుకుని చదవడం. కారణం అక్కడే దొరుకుతుంది. 'పొద్దున్నే పోతే పదకొండు దాకా కూచోబెడతారు, డాక్టరమ్మ అప్పుడొస్తుంది.' మొదటి కోడర్ దీన్ని సిబ్బంది లేకపోవడంగా చూశారు, రెండో కోడర్ ఆగాల్సి రావడంగా చూశారు. ఇద్దరిదీ తప్పు కాదు. ఆలస్యంగా రావడం 'లేకపోవడం' కిందికి వస్తుందో రాదో కోడ్ బుక్ చెప్పలేదు. 'నర్సే చూసి పంపించేసింది' అన్నదీ అంతే: డాక్టరు లేరనా, వైద్యం బాగుండదనా? ఇప్పుడు నియమం రాయాలి. ఉదాహరణకి, ఎదురుచూపుకి కారణం డాక్టరు రాకపోవడమే అని జవాబులోనే ఉంటే రెండు కోడ్‌లూ వేయాలి. రద్దీ గురించో క్యూ గురించో మాత్రమే చెబితే ఆగడం ఒక్కటే వేయాలి.

తప్పటడుగు ఎక్కువగా పడేది ఇక్కడే. ఇద్దరూ కూర్చుని ఆ ఇరవై జవాబుల మీద మాట్లాడుకుని, ఒక మాట మీదికొచ్చి, 'చర్చ తర్వాత పూర్తి ఏకాభిప్రాయం' అని రాసేస్తారు. మాట్లాడుకుంటే ఏకాభిప్రాయం రాకేం చేస్తుంది? పెద్ద జీతం ఉన్నవారిదో, గట్టిగా వాదించేవారిదో మాట నెగ్గినా వస్తుంది. చర్చ మంచిదే, తుది కోడ్ దానివల్లే తేలుతుంది. కానీ కొలతగా ఇవ్వాల్సింది చర్చకి ముందు వచ్చిన అంకె. మార్చిన నియమం పనిచేస్తోందా అని తెలియాలంటే, ఇద్దరూ ఇంతకుముందు చూడని మరో రెండు వందల జవాబులు తీసి మళ్లీ విడివిడిగా కోడ్ చేయించాలి. పాత జవాబుల మీదే మళ్లీ కొలిస్తే అక్కడ కనిపించేది జ్ఞాపకశక్తి.

పొంతన తక్కువగా ఉన్నప్పుడు జరిగే నష్టం కొలతల చర్చతో ఆగదు. మన ఇద్దరు కోడర్లు ఒకే రెండు వందల జవాబులు చదివి, ఒకరు 12 శాతమన్నారు, ఇంకొకరు 8 అన్నారు. ఇప్పుడు అసలు సర్వేలో పని పంచేటప్పుడు, సౌకర్యం కదా అని, శ్రీకాకుళం జవాబుల కట్ట మొదటివారికీ ఆదిలాబాద్ కట్ట రెండోవారికీ ఇచ్చారనుకోండి. నివేదికలో 'శ్రీకాకుళంలో సిబ్బంది గైర్హాజరు ఆదిలాబాద్ కంటే ఒకటిన్నర రెట్లు' అని వస్తుంది. రెండు చోట్లా ఆసుపత్రులు ఒకేలా ఉన్నా వస్తుంది. దాన్ని చదివి ఎవరో ఒక అధికారి వివరణ అడుగుతారు, ఎవరో ఒక వైద్యాధికారి సంజాయిషీ ఇచ్చుకుంటారు. అచ్చయిన తేడా జిల్లాలది కాదు, కోడర్లది. జవాబులన్నిటినీ కలగలిపి, ఏ ఊరిదో కనిపించకుండా ర్యాండమ్‌గా పంచితే ఈ ప్రమాదం తప్పుతుంది. ఖర్చు లేని జాగ్రత్త ఇది.

పొంతన ఎంత ఎక్కువ ఉన్నా అది నిజానికి హామీ కాదు. దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ అమెరికాది. అక్కడి జాతీయ ఎన్నికల అధ్యయనం 2000లో జనాన్ని విలియం రెన్‌క్విస్ట్ ఏ పదవిలో ఉన్నారని అడిగింది. ఆయన అప్పుడు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. సరైన జవాబుగా లెక్కకొచ్చినవి సుమారు పదింట ఒకటి. అమెరికన్లకు తమ సుప్రీంకోర్టు గురించి ఏమీ తెలియదని చెప్పడానికి ఆ అంకె బాగా పనికొచ్చింది. తర్వాత జేమ్స్ గిబ్సన్, గ్రెగరీ కాల్డీరా అనే పరిశోధకులు అసలు జవాబులు తీసి చదివారు. 'సుప్రీంకోర్టు జడ్జి' అని చెప్పిన వందల మందిని తప్పు కింద వేశారు, 'ప్రధాన' అన్న ముక్క లేదని. అంత ఇరుకైన నియమాన్ని ఎవరైనా ఒకేలా పాటించగలరు, పొంతనకి ఢోకా ఉండదు. అయినా అంకె జనానికి తెలిసినదాన్ని దాచింది. ఆ పొరపాటు బయటపడింది జవాబుల అసలు మాటలు భద్రంగా ఉన్నాయి కాబట్టి, బయటివాళ్లు అడిగితే చూడగలిగారు కాబట్టి. ఆ సంస్థ తన 2008 సర్వే జవాబుల కోడింగ్‌ను కొత్త పద్ధతిలో చేపట్టింది.

కాబట్టి తెలుగులో వచ్చే సర్వే నివేదికల నుంచి నేను కోరేది ప్రతి పట్టిక కింద నాలుగు వాక్యాలు. ఎన్ని జవాబులను ఇద్దరు విడివిడిగా చదివారు, వాటిని ఎలా ఎంచారు. ఒక్కో కోడ్‌కి చర్చకి ముందు పొంతన ఎంత. అన్ని కోడ్‌లూ కలిపిన సగటు కాదు, ఎందుకంటే 'దూరం'కి వచ్చిన 0.90 'సిబ్బంది'కి వచ్చిన 0.45ని కప్పేస్తుంది. నియమం మార్చాక కొత్త జవాబుల మీద ఎంత వచ్చింది. పేర్లు, ఊర్లు తీసేసిన అసలు జవాబులు, కోడ్ బుక్ ఎక్కడ దొరుకుతాయి. నియమం మార్చాక కూడా 'సిబ్బంది ఉండరు' 0.5 దగ్గరే ఉండిపోతే, దాన్ని 'ఆగాలి'తో కలిపి 'వెళ్లినప్పుడు వైద్యం సమయానికి అందదు' అనే పెద్ద అంశం చేసి, ఆ అంశానికి మళ్లీ పొంతన కొలిచి అచ్చువేయాలి. అది కూడా కుదరకపోతే జిల్లాలవారీ పట్టికలోంచి ఆ వరుస తీసేసి, సర్వే మొత్తానికి ఇద్దరు కోడర్ల అంకెలూ పక్కపక్కనే ఇవ్వాలి: 12, 8.