‘రెండు రోజులు’ అన్న మాట కోసేస్తే

నెల్లూరులో మోటార్ వైండింగ్ షాపు నడిపే ఒకాయన కస్టమర్ల మాటలతో ఒక నిమిషం వీడియో చేసిపెట్టమని అడిగారు. ఆయన కస్టమర్లలో ఎక్కువమంది రొయ్యల రైతులు. ఇందుకూరుపేట వైపు ఒక గుంట గట్టు మీద ఫోను స్టాండుకు పెట్టి షూటింగ్ మొదలుపెట్టాం. మొదటి ప్రశ్న రైతును షాపాయనే అడిగారు: “మా సర్వీసు ఎట్టుందన్నా?”

“బాగుంది.” అంతే, రెండు సెకన్లు. ఇంకేమైనా చెప్పమంటే, “అందరూ ఇక్కడికే రండి” అని బిగుసుకుపోయి చెప్పారు. నిజంగా తృప్తిపడ్డ మనిషే. కానీ చూసేవాళ్లకు డబ్బులిచ్చి చెప్పించినట్టే ఉంటుంది.

తప్పు ఆయనది కాదు, ప్రశ్నది. ‘ఎలా ఉంది’ అని అడిగితే వచ్చేది మార్కులే. ఏం జరిగిందో తెలియాలంటే ఆ రోజు దగ్గరికి వెళ్లి అడగాలి. “మోటారు ఆగిందని మీకెవరు చెప్పారు? అప్పుడు టైమెంత?” అన్నాను. ఆయన భుజాలు వదులయ్యాయి. “రాత్రి రెండున్నరకు కాపలా అబ్బాయి ఫోన్ చేశాడబ్బయా, ఏరియేటర్ తిరగడం లేదని...” అంటూ ఆరు నిమిషాలు ఆగకుండా చెప్పారు. రాత్రిపూట నీటిలోని పాచి కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. నీళ్లను చిలికి ఆక్సిజన్ కలిపే ఏరియేటర్ ఆ వేళ ఆగితే ఎంత టెన్షనో ఆయన గొంతులోనే తెలిసింది.

ప్రశ్నలు ముందుగా రాసి ఇవ్వను. ఇస్తే బట్టీ పట్టి వస్తారు. ఏ విషయం అడుగుతానో మాత్రం చెబుతాను. నా ప్రశ్న వీడియోలో ఉండదు కాబట్టి, జవాబులోనే సంగతి మొదటినుంచీ చెప్పమంటాను. ఆయన ఆపాక నేను వెంటనే నోరు తెరవను. ఆ రెండు మూడు సెకన్ల మౌనంలోనే చాలాసార్లు అసలు మాట వస్తుంది. చివర్లో తప్పకుండా అడిగేది: “మీకు నచ్చనిదేంది?”

దీనికి షాపాయన మొహం మాడింది. రైతు మాత్రం తడుముకోకుండా చెప్పారు: “రెండు రోజులు పడుతుందన్నాడు. నాకు కోపమొచ్చింది. వార్నిష్ ఆరకుండా బిగిస్తే మళ్లీ కాలుద్దన్నాడు. అప్పటిదాకా వాడుకోమని తన దగ్గరున్న మోటారు ఇచ్చాడు. నాలుగింటికి ఏరియేటర్ తిరిగింది.”

ఎడిటింగ్‌లో అసలు పేచీ ఇక్కడే వచ్చింది. మధ్యలో రెండు రోజులు, వార్నిష్, వేరే మోటారు తీసేసి ‘రెండున్నరకు ఫోన్ వచ్చింది, నాలుగింటికి ఏరియేటర్ తిరిగింది’ అని కలపమన్నారు షాపాయన. రెండూ రైతు నోటి మాటలే, రెండూ నిజాలే. కలిపితే మాత్రం కాలిన మోటారును గంటన్నరలో చుట్టి ఇచ్చారన్న అబద్ధం తయారవుతుంది. అతుకు కనపడకుండా పైన ఏరియేటర్ రెక్కల షాట్ వేస్తే ఎవరికీ అనుమానం రాదు. రేపు ఇంకో రైతు అదే నమ్మి అర్ధరాత్రి మోటారు మోసుకొస్తే షాపాయనే ఇరుక్కుంటారు. అందుకే కోసే ముందు మాటలన్నీ కాగితం మీద రాసుకుంటాను. తీసేసిన వాక్యం లేకుండా మిగిలింది చదివితే అర్థం మారుతోందా అని అక్కడే తెలిసిపోతుంది.

నత్తిమాటలు, చెప్పిందే మళ్లీ చెప్పడం, దగ్గు తీసేయొచ్చు. ‘కోపమొచ్చింది’ తర్వాత ఆయన కాసేపు ఆగారు, అది ఉంచాను. శబ్దం సంగతి వేరు. ఏరియేటర్ హోరులో మాట కోస్తే వెనక చప్పుడు ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. మైకు గడ్డానికి జానెడు కింద పెట్టి, ఎవరూ మాట్లాడకుండా అదే చోట ముప్పై సెకన్ల హోరు విడిగా రికార్డు చేసుకుని అతుకుల కింద పరిస్తే సరిపోతుంది.

ఇంకో చిక్కు. వీడియోలో మాట్లాడినందుకు తర్వాతి వైండింగ్ ఉచితమని షాపాయన రైతుకు మాటిచ్చారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో ఒకరు చెప్పే అభిప్రాయం నిజంగా వారిదే అయి ఉండాలి. ఆ అభిప్రాయం మీద చూసేవాళ్ల నమ్మకాన్ని మార్చగల లావాదేవీ ఉంటే బయటపెట్టాలి. తెర మీద ఆ సంగతి రాయండి, లేదా ఆ ఉచితం మానేయండి అన్నాను. కాసేపు గొణిగి మానేశారు. రైతుకూ అభ్యంతరం లేదు.

చివరి కూర్పు ఇరవై రెండు నిమిషాల నుంచి ఎనభై సెకన్లకు వచ్చింది. బయటికి వదిలే ముందు రైతుకు వాట్సాప్‌లో పంపాను. రెండు రోజులన్న మాట ఉంచినందుకు ఆయన ఏమీ అనలేదు. “ఆ గుంటలో ఎంత పెట్టుబడి పెట్టానో చెప్పిన ముక్క ఒక్కటి తీసెయ్యబ్బయా, అప్పులోళ్లు కూడా చూస్తారు” అన్నారు. తీసేశాను, డెబ్భై రెండు సెకన్లయింది.